గ్యాస్ ఖర్చు నెలకెంత? మా నోటుబుక్కు లెక్క, మేం చేసిన ఒక తప్పు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, తీరిక చేసుకుని చదవండి. మా చదువంతా తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఒత్తులు తప్పితే ఎప్పటిలాగే సర్దుకుని చదువుకోండి.

పోయిన సమావేశంలో గ్యాస్ అబ్బాయికి ఇచ్చే ముప్పై రూపాయల మీద పెద్ద చర్చే జరిగింది కదా. ఇకమీదట తారానగర్‌లో మనవాళ్ళెవరూ పైసా ఇవ్వకూడదని తీర్మానం చేద్దామని ఒకరన్నారు. మేం ఆ రోజు నోరు మెదపలేదు. ఆ ముప్పై రూపాయల దగ్గర మేం ఒక తప్పు చేసి ఉన్నాం. ఆ తప్పు తెలియాలంటే ముందు లెక్క తెలియాలి. అందుకని లెక్క నుంచే మొదలుపెడతాం.

ఆ సమావేశంలోనే ఇంకో మాట వచ్చింది. "మీ ఇంట్లో గ్యాస్‌కి నెలకెంత అవుతుంది?" అని అడిగితే అందరూ సిలిండర్ ధర చెప్పారు. ఒక చెల్లెమ్మ మాత్రం "మాకు ఒక నెల ఏమీ కాదు, ఇంకో నెల తొమ్మిది వందలవుతుంది" అంది. అది జేబులోంచి డబ్బు బయటికి వెళ్ళిన లెక్క. పొయ్యి మీద ఖర్చయిన లెక్క వేరు. సిలిండర్ నెల చూసి అయిపోదు, దానికి తోచినప్పుడు అయిపోతుంది. అందుకని రోజుకెంత పడిందో తేల్చి, దాన్ని ముప్పైతో హెచ్చించాలి.

దీనికి మూడు అంకెలు చాలు. సిలిండర్‌కి కట్టిన ధర ఒకటి. తెచ్చిన అబ్బాయి చేతిలో పెట్టింది రెండోది. ఆ సిలిండర్ ఎన్ని రోజులు వచ్చిందన్నది మూడోది. మొదటి రెండూ కూడి, మూడోదానితో భాగిస్తే రోజు ఖర్చు.

మా ఇంటి లెక్కే చెబుతాం. ఇంట్లో ఇద్దరమే. రసీదు పైచిల్లరతో ఉంటుంది, సులువుగా ఉండాలని ధర 870 అనుకుందాం. అబ్బాయికి 30. మొత్తం 900. మాకు మామూలుగా ఒక సిలిండర్ 45 రోజులు వస్తుంది. 900ని 45తో భాగిస్తే రోజుకు 20 రూపాయలు, నెలకు 600. ఏడాదికి ఎనిమిది సిలిండర్లు, ఇంకో సిలిండర్‌లో కొంచెం. ఇంతే లెక్క. మూడో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. తప్పులు జరిగేది భాగహారంలో కాదు, అంకెలు పట్టుకునే చోట.

ధర దగ్గర జరిగే తప్పు ముందు చెబుతాం. ఈ ధర స్థిరంగా ఉండదు. 2023 ఆగస్టు చివర రెండు వందలు తగ్గింది. 2024 మార్చిలో ఇంకో వంద తగ్గింది. 2025 ఏప్రిల్ 8న యాభై పెరిగింది, అప్పుడు బెంగళూరులో 855 రూపాయల 50 పైసలయింది. ఊరు మారితే రవాణా ఖర్చు, దాంతో పాటు ధర కొంచెం మారతాయి. కాబట్టి పేపర్లో చూసిన ధర వేసుకోకూడదు. ఇప్పుడు పొయ్యికి తగిలించి ఉన్న సిలిండర్‌కి మనం కట్టిన ధరే వేసుకోవాలి. ఇంట్లో రెండు సిలిండర్లు ఉన్నవాళ్ళు పెరగకముందు కొన్నదాన్ని పెరిగిన తరువాత వాడుతుంటారు. ఆ యాభై వాళ్ళ లెక్కలోకి తరువాతి సిలిండర్‌తోనే వస్తుంది. ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్ళు ముందు పూర్తి ధర కడతారు, రాయితీ తరువాత బ్యాంకులో పడుతుంది. వాళ్ళు పాసుబుక్కులో పడినంత చూసుకుని, ఆ మేరకు ధరలోంచి తీసేసి లెక్క వేసుకోవాలి.

రోజుల దగ్గర జరిగే తప్పు ఇంకా పెద్దది. చాలామంది బుకింగ్ నుంచి బుకింగ్‌కి లెక్కపెడతారు, లేదా సిలిండర్ ఇంటికొచ్చిన రోజు నుంచి. రెండు సిలిండర్లుంటే వచ్చింది మూలన ఇరవై రోజులు ఊరికే కూర్చుంటుంది. లెక్క ఎప్పుడూ తగిలించిన రోజు నుంచి, మళ్ళీ కొత్తది తగిలించే రోజు వరకు వేయాలి. మేం క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, సాయంత్రం నోటుబుక్కులో రాసుకుంటాం. మధ్యలో ఊరెళ్ళి ఇంటికి తాళం వేస్తే ఆ రోజులు తీసేస్తాం. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా ఉన్నప్పుడు అంటుకున్న అలవాటిది. వ్యాగన్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఖాళీ అయింది అని రాయకపోతే డెమరేజి లెక్క ఎలా తేలుతుంది?

ఇక ఆ ముప్పై సంగతి. 30ని 45తో భాగిస్తే రోజుకు 67 పైసలు, నెలకు 20 రూపాయలు. అదే సిలిండర్ 45 రోజుల బదులు 40 రోజులే వస్తే రోజు ఖర్చు 22 రూపాయల 50 పైసలవుతుంది, నెలకు 675. అంటే అయిదు రోజులు తగ్గితే నెలకు 75 రూపాయలు. మనం గంటసేపు పోట్లాడుకున్నది ఇరవై రూపాయల మీద. డెబ్బయి అయిదు రూపాయలు ఎటు పోతున్నాయో ఎవరమూ చూడలేదు.

మేమూ చూడలేదు. అదే మా కథ.

పోయిన చలికాలంలో మా సిలిండర్ ఒకటి 36 రోజులకే అయిపోయింది. నోటుబుక్కు తిరగేశాం. అంతకుముందు వరుసగా 44, 46, 45 ఉన్నాయి. 900ని 36తో భాగిస్తే రోజుకు 25, నెలకు 750. వంట అదే, తినే నోళ్ళు అవే. మరి తొమ్మిది రోజుల గ్యాస్ ఎక్కడికి పోయింది? మాకు తట్టింది ఒక్కటే, దారిలో ఎవరో తీసేశారని. ఆ ఎవరో అంటే మా కళ్ళకు కనబడేది ఆ అబ్బాయే. ఇంకో మనిషిని మేం చూడలేదు, ఇంకో కారణం వెతకలేదు. ఏజెన్సీకి ఫోన్ చేసి "మీ మనిషి గ్యాస్ కొట్టేస్తున్నాడు" అని చెప్పేశాం. రెండో సిలిండర్ తగిలించి, ఖాళీదానికి బుక్ చేశాం.

మూడు రోజులకు ఆ అబ్బాయే వచ్చాడు. సిలిండర్ భుజాన పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, దించి, ఊపిరి తీసుకుని నిలబడ్డాడు. ఎప్పటిలా "అవ్వా, నీళ్ళివ్వు" అని మా ఇంటావిడను అడగలేదు. ఫోన్‌లో వచ్చిన కోడ్ చెప్పాం, డబ్బు ఇచ్చాం, ముప్పై ఇవ్వలేదు. అప్పుడన్నాడు: "తాతా, మీ ఫోన్ వల్ల నన్ను రెండు రోజులు బండి ఎక్కనియ్యలేదు. ఇదిగో కాటా. మీరే పట్టుకుని చూడండి."

మాకు గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. కానీ మాట వెనక్కి తీసుకునే మనసు ఇంకా రాలేదు. కాటాకి తగిలించాం.

సిలిండర్ తూచడం చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాం. సిలిండర్ పైన చేతికి పట్టు దొరకడానికి కమ్మీలతో ఒక చట్రం ఉంటుంది కదా, అక్కడ ఖాళీ సిలిండర్ బరువు రాసి ఉంటుంది. అన్ని సిలిండర్లకూ అది ఒకటే కాదు, ఒకటి 15 కిలోల చిల్లర ఉంటే ఇంకోటి 16కి దగ్గరగా ఉంటుంది. అందుకని పక్కింటి సిలిండర్‌తో పోల్చి "మాది తేలిగ్గా ఉంది" అనుకోకూడదు. ఆ రాసిన బరువుకు 14.2 కిలోలు కలిపితే నిండు సిలిండర్ బరువు రావాలి. నింపేటప్పుడు నూటయాభై గ్రాములు అటూ ఇటూ పోవచ్చు, అంతకు మించితే అడగాలి. వ్యాగన్ పక్కన కూడా ఖాళీ బరువు ఇలాగే రాసి ఉంటుంది. తోరణగల్లు వైపు పోయే ఖనిజం వ్యాగన్లకు మొత్తంలోంచి ఖాళీ బరువు తీసేసి సరుకెంతో తేల్చడం మాకు అన్నం తిన్నంత అలవాటు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సిలిండర్ మీది అంకె చదవలేదు!

ఆ రోజు వచ్చినదాని మీద 15.9 అని ఉంది. కాటా 30.1 చూపించింది. సరిగ్గా 14.2. సీలు చెక్కు చెదరలేదు.

"ఇది సరే. అయిపోయిన సిలిండర్ మాటేమిటి?" అన్నాం. ఆ అబ్బాయి ఏమీ అనలేదు, ఖాళీది భుజాన వేసుకుని దిగిపోయాడు. నిజమే, అయిపోయినదాన్ని ఇప్పుడు తూచలేం. కానీ పొయ్యికి తగిలించినదాన్ని తూచవచ్చు. ఆ ఆలోచన మా ఇంటావిడది. "మనం రోజుకెంత కాలుస్తున్నామో ముందు చూద్దాం. అది తెలియకుండా వాడిని అనడమెందుకు?" అంది.

సందులోని బియ్యం కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చాం. పొయ్యి ఆర్పి, రెగ్యులేటర్ మీట మూసి, దాన్ని తీసి, సిలిండర్ మూతికి టోపీ పెట్టి తూచాం. దగ్గర్లో దీపం, అగరువత్తి ఏదీ లేకుండా చూసుకున్నాం. ఆ సిలిండర్ ఖాళీ బరువు 15.4, ఇప్పుడు 28.4 ఉంది. అంటే ఇంకా 13 కిలోల గ్యాస్ ఉంది, మూడు రోజుల్లో 1.2 కిలోలు కాల్చాం. రోజుకు 400 గ్రాములు. ఏడు రోజులాగి మళ్ళీ తూచితే 25.5. వారానికి 2.9 కిలోలు, రోజుకు 414 గ్రాములు. మరి 45 రోజులు వచ్చే లెక్కన అయితే రోజుకు ఎంత కాలాలి? 14.2 కిలోలను 45తో భాగిస్తే 315 గ్రాములు.

అంటే రోజుకు వంద గ్రాములు మా ఇంట్లోనే, మా పొయ్యి మీదే, మా కళ్ళ ముందే ఎక్కువ కాలుతోంది. దారిలో ఎవరూ తీయలేదు.

ఆ వంద గ్రాములేమిటో కనిపెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ 36 రోజుల సిలిండర్ తగిలించిన వారానికి మా నీళ్ళు కాచే రాడ్ కాలిపోయింది. కొత్తది కొందాం, కొందాం అంటూ ఇద్దరి స్నానాల నీళ్ళూ పొయ్యి మీదే పెడుతున్నాం. సండూరు కొండల పక్కన చలి మీకు తెలియనిది కాదు. పెద్ద గిన్నె, చాలా రోజులు మూత కూడా పెట్టలేదు.

లెక్క చూడండి. పదిహేను లీటర్ల నీళ్ళు ఇరవై డిగ్రీలు వేడెక్కాలంటే 300 కిలో కేలరీల వేడి లోపలికి వెళ్ళాలి. ఒక కిలో గ్యాస్ కాలితే దాదాపు పదకొండు వేల కిలో కేలరీలు వస్తాయి. కానీ మంచి పొయ్యి మీద కూడా అందులో మూడో వంతు గిన్నె పక్కల నుంచి గాలిలోకి పోతుంది, మూత లేకపోతే ఇంకా ఎక్కువ. గిన్నెకు అందేది ఆరు, ఏడు వేలు. ఆ లెక్కన బకెట్టు నీళ్ళకు యాభై గ్రాముల గ్యాస్. రెండు బకెట్లకు వంద. కాటా చెప్పిందీ అదే.

డబ్బులో చూస్తే, 900 రూపాయలకు 14.2 కిలోలు కాబట్టి కిలో 63 రూపాయల పైన పడుతుంది. బకెట్టు వేడినీళ్ళకు మూడు రూపాయల ఇరవై పైసల దాకా. రోజుకు రెండు బకెట్లు, నెలకు అరవై. సుమారు 190 రూపాయలు! ఆ అబ్బాయికి ఇచ్చేది నెలకు ఇరవై. నూట తొంభై మా స్నానాల గదిలోంచి కాలువలోకి పోతుంటే, ఇరవై తీసుకునేవాడిని దొంగ అన్నాం.

కొత్త రాడ్ కొన్నాం. మర్నాటి నుంచి మళ్ళీ ఏడు రోజులు చూసి తూచితే, ఆ వారానికి కాలింది 2.2 కిలోలు. రోజుకు 314 గ్రాములు. మా పాత లెక్కే. రాడ్ కరెంటు ఊరికే రాదనుకోండి, బకెట్టుకు యూనిట్‌లో మూడో వంతు దాటి, రెండు బకెట్లకు ముప్పాతిక యూనిట్ దాకా కాలుతుంది. ఎవరి మీటరు బిల్లు ఎంతో చూసుకుని ఎవరికి ఏది మేలో వాళ్ళే తేల్చుకోవాలి. గ్యాస్ మీద నీళ్ళు కాచడం తప్పని మేం అనడం లేదు. కాస్తున్నామని గుర్తు పెట్టుకుని ఆ రోజులు లెక్క వేయండి, అంతే.

ఆ సాయంత్రమే ఏజెన్సీకి మళ్ళీ ఫోన్ చేసి, తప్పు మాదేనని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పాం. తరువాత బండి వీధిలోకి వచ్చిన రోజు కిందికి దిగి వెళ్ళాం. అరవై దాటిన మనిషి ఇరవై అయిదేళ్ళ పిల్లవాడికి తప్పయిందని చెప్పడం మాకు సులువుగా లేదు. "నాయనా, తూకం సరిగానే ఉంది, మాటే సరిగా లేదు" అన్నాం. వాడు నవ్వి, "వదిలెయ్ తాతా, నువ్వు మళ్ళా ఫోన్ చేసినావంట, అది చాలు" అన్నాడు. పోయిన రెండు రోజుల కూలి మాట మేం ఎత్తితే తీసుకోలేదు. ఆ తరువాత సిలిండర్ తెచ్చినప్పుడు మాత్రం నీళ్ళు అడిగాడు. మాకదే పెద్ద ఊరట.

ఇది చదివి సిలిండర్లలో మోసమే ఉండదని అనుకోవద్దు. ఉంటుంది. అది తెలిసే దారులు వేరు. వచ్చినప్పుడే సీలు చూడాలి. కాటా పెట్టి తూచమని అడగాలి. అది మన హక్కు, కాటా తేవడం వాళ్ళ బాధ్యత. బరువు తగ్గితే తీసుకోకుండా తిప్పి పంపాలి. నలభై రోజుల తరువాత "తొందరగా అయిపోయింది" అంటే దానికి సాక్ష్యం లేదు. తూకం సరిగా ఉండి, వాడకం మారకుండా, రోజులు మాత్రం తగ్గాయంటే ఇంట్లో చూడాలి. మంట నీలంగా కాకుండా పచ్చగా వస్తూ గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకున్నాయని అర్థం. ట్యూబు మీద, రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తున్నాయా చూడాలి, అగ్గిపుల్ల మాత్రం వెలిగించకూడదు. లీకు అనిపిస్తే మీట మూసి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలి. ఇంకో మాట. చివర్లో మంట తగ్గితే కొందరు సిలిండర్‌ను పక్కకు పడుకోబెట్టి ఇంకో పూట లాగుతారు. లోపలి ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఒక పూట గ్యాస్ విలువ మన లెక్కలో పది రూపాయలు. దానికోసం ఇల్లు కాల్చుకోవద్దు.

ఇప్పుడు తీర్మానం సంగతి. రసీదులో ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చి ఇచ్చే ఖర్చు కూడా కలిసి ఉంది. కాబట్టి ఎవరైనా ముప్పై "ఇవ్వాల్సిందే" అంటే ఇవ్వనక్కరలేదు, కటువుగా అడిగితే ఫిర్యాదూ చేయవచ్చు. అందులో మాకు వేరే మాట లేదు. కానీ ఇవ్వకూడదని సంఘం తీర్మానం చేయడం మాకు ఇష్టం లేదు. కింది ఇంట్లో ఉండి గుమ్మం దగ్గరే సిలిండర్ దించుకునేవాళ్ళ లెక్క వేరు, మాలాగా ముప్పై కిలోల బరువు రెండంతస్తులు ఎక్కించుకునేవాళ్ళ లెక్క వేరు. మేం ఇస్తూనే ఉంటాం. అది గ్యాస్ ధర కాదు, మెట్ల ధర. మా నోటుబుక్కులో ఇప్పుడు దాన్ని వేరే గడిలో రాస్తున్నాం.

వచ్చే సమావేశానికి ఒక పని చేయండి. ఇప్పుడు వాడుతున్న సిలిండర్ తగిలించిన తేదీ గుర్తుంటే రాసుకోండి, లేకపోతే తరువాతిదాని నుంచి మొదలుపెట్టండి. మూడు అంకెలూ, ఇంట్లో ఎంతమంది ఉన్నారో, నీళ్ళు దేని మీద కాస్తారో ఈ కింద రాయండి. మన ఇళ్ళన్నిటి లెక్కా ఒకచోట పెట్టి చూద్దాం. తీర్మానం ఏదైనా ఆ తరువాతే చేద్దాం.

మా లెక్క మేమే ముందు రాస్తున్నాం. మనుషులు ఇద్దరు, 870, 30, మొన్న అయిపోయిన సిలిండర్ 44 రోజులు. నీళ్ళు రాడ్ మీద.